చారుమతి ఒక్కతే చేసుకోలేదు

వరలక్ష్మీ వ్రత కథ ఏటా వింటాం, అక్షతలు చేతిలో పట్టుకుని. పరమేశ్వరుడు పార్వతికి చెప్పినట్టుగా నడిచే ఆ కథలో మగధ దేశం, కుండిన నగరం, అందులో చారుమతి అనే ఇల్లాలు. అత్తమామల్ని, భర్తని చూసుకుంటూ గడిపే ఆమెకి ఓ రాత్రి కలలో వరలక్ష్మీదేవి కనిపించి, శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం తనను పూజించమంటుంది. కలను ఆమె దాచుకోదు. ఇంట్లో వాళ్లకి చెబుతుంది, ఊళ్లో ఆడవాళ్లకీ చెబుతుంది. శ్రావణం ఎప్పుడొస్తుందా అని అందరూ ఎదురుచూస్తారు. ఆ శుక్రవారం ఒకే చోట చేరి, ఒకే కలశం ముందు కూర్చుంటారు. మొదటి ప్రదక్షిణకి కాళ్లకు గజ్జెలు, రెండోదానికి చేతులకు కంకణాలు, మూడోదానికి ఒంటినిండా నగలు అందరికీ వస్తాయి. తిరుగుదారిలో ఆ ఆడవాళ్లు చెప్పుకునే మాట నాకు చాలా ఇష్టం. కల వచ్చింది చారుమతికే అయినా తనొక్కతే చేసుకోకుండా మనందరి చేతా చేయించింది, ఎంత మంచి మనిషి అని.

ఈ వ్రతంలో కలశం, తోరం, పేరంటం అనే మూడు ముఖ్యమైన పనులనీ ఆ మాట దగ్గర నిలబడి చూస్తే ఏది ఎందుకు చేస్తున్నామో తేటగా తెలుస్తుంది. బంగారం, వెండి, పట్టుచీర ఉంటే సంతోషమే. పక్కింటివాళ్లు గడప లోపలికి రాకపోతే మాత్రం వ్రతం సగంలోనే ఆగినట్టు.

ముందు రోజు సంగతి చూద్దాం. “శ్రావణంలో రెండో శుక్రవారం” అని నోటివాటంగా అనేస్తాం కానీ లెక్క పౌర్ణమిని బట్టి కట్టాలి. 2024లో పౌర్ణమి ఆగస్టు 19 సోమవారం, దానికి ముందు శుక్రవారం 16వ తేదీ. అది రెండో శుక్రవారమే. 2025లో శ్రావణమాసం మొదలైన రోజే శుక్రవారం. పౌర్ణమి ఆగస్టు 9న శనివారం వచ్చింది. అందుకని వ్రతం ఆగస్టు 8న, మూడో శుక్రవారం నాడు జరిగింది. 2023లో అధిక శ్రావణం కూడా వచ్చింది. అధికంలో చేయరు కాబట్టి నిజ శ్రావణం వచ్చేదాకా ఆగి ఆగస్టు 25న చేసుకున్నారు. పౌర్ణమే శుక్రవారం పడిన ఏడు పంచాంగాల మధ్య తేడా రావచ్చు. అప్పుడు ఇంట్లో వాడే పంచాంగాన్నో, ఊరి గుడి పూజారిగారినో అడగడం మంచిది. ఆ రోజు కుదరనివాళ్లు, ఇంట్లో మైల ఉన్నవాళ్లు, నెలసరి వచ్చినవాళ్లు శ్రావణంలో మిగిలిన ఏ శుక్రవారమైనా చేసుకుంటారు. దీనికి బెంగపడి మాత్రలు మింగి నెలసరిని వాయిదా వేసుకునే అమ్మాయిల్ని చూస్తే నాకు బాధేస్తుంది. వారం ఆగడానికి పెద్దలే దారి ఇచ్చి ఉంచారు.

ఇక కలశం. కథలో చారుమతి వాళ్లు మండపం వేసి, బియ్యం పోసి, పంచపల్లవాలతో కలశం పెట్టారని ఉంటుంది. పంచపల్లవాలంటే రావి, మర్రి, మేడి, జువ్వి, మామిడి చిగుళ్లు. ఇప్పుడు అన్నీ దొరకవు కాబట్టి అయిదు మామిడాకులతోనే సరిపెడుతున్నాం. అందులో లోపమేమీ లేదు. అమెరికాలో మామిడాకులు కూడా దొరకనివాళ్లు తమలపాకులు పెట్టుకుంటున్నారు. 

కలశం పెట్టడం చూడ్డానికి తేలికే. తీరా మంత్రం చదివే వేళకి కొబ్బరికాయ ఒరిగిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. అపశకునమేమోనని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. అది శకునం కాదు, చెంబు మూతికీ కాయకీ కొలత కుదరకపోవడం. చెంబు, కాయ ముందురోజే దగ్గర పెట్టుకుని చూసుకోవాలి. కాయ అడుగుభాగం మూడో వంతు చెంబు మూతిలోకి దిగాలి. మరీ దిగితే ఆకులు నలుగుతాయి, దిగకపోతే పైన ఊగుతుంది. చెంబు ఇత్తడిదైనా, రాగిదైనా, వెండిదైనా మూతి వెడల్పుగా, అడుగు బరువుగా ఉన్నది మేలు. కాయని చెవి దగ్గర ఆడించి నీళ్ల చప్పుడు వినాలి. కళ్ల దగ్గర తడి ఉన్నా, సన్నటి పగులు కనిపించినా పక్కన పెట్టెయ్యాలి. ఇది శనివారం దాకా కూర్చోవలసిన కాయ. పగులు ఉంటే నీరు ఊరి వాసన వస్తుంది. పీచు ఒలిచేటప్పుడు పైన పిలక ఉంచుతారు.

పసుపు పొడిని కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి కాయకి పలచగా పట్టించి, ఆరనిచ్చి, కుంకుమ బొట్లు పెట్టాలి. నీళ్లెక్కువైతే పసుపు చారలు కట్టి జారుతుంది, మందంగా పూస్తే ఆరాక పెచ్చులూడుతుంది. పీట మీద ముగ్గు వేసి, పళ్లెంలో బియ్యం పోసి, చేత్తో మధ్యలో చిన్న గుంట చేసి అందులో చెంబు కూర్చోబెట్టాలి. బియ్యం చెంబుని చుట్టూ పట్టుకుంటుంది, అందుకే పళ్లెం మీద నేరుగా పెట్టరు. చెంబులో నీళ్లు ముప్పాతిక దాకా చాలు. నిండా పోస్తే కాయ దించగానే పొర్లి కింద బియ్యం తడుస్తుంది. నీళ్లలో పసుపు, కుంకుమ, గంధం, అక్షతలు, ఒక పువ్వు, వక్క, నాణెం వేస్తారు. ఆకుల తొడిమలు లోపలికి, కొసలు బయటికి. వాటి మీద కాయ. ఆ పైన కొత్త రవికగుడ్డని మూలగా మడిచి, గరాటులా చుట్టి కిరీటంలా పెడతారు.

కోస్తా ఇళ్లలో చాలాచోట్ల ఇంతే. కాయ మీద పసుపు ముద్దతోనే కళ్లు, ముక్కు, పెదవులు దిద్దేవాళ్లు కొందరు. చీర కట్టి, జడ వేసి, వెండి ముఖం పెట్టే అలంకారం కన్నడ, తమిళ ఇళ్లలో ఎక్కువ. ఆ పద్ధతి మనవాళ్లకీ బాగా అలవాటైంది. వెండి ముఖం పెట్టేవాళ్లు చెంబులో నీళ్లకు బదులు బియ్యం పోస్తే నయం, సన్నటి పుల్ల గుచ్చి దానికి ముఖం కట్టుకోవచ్చు. నీళ్లే పోసే ఆనవాయితీ ఉంటే ముఖాన్ని కాయ పిలకకి దారంతో కట్టి, వెనక గోడవైపు ఆసరా చూసుకోవాలి. చీర కుచ్చిళ్లు, జడకుప్పెలు, కాగితపు పూలు ఉన్నచోట దీపం కనీసం మూరెడు దూరంలో ఉండాలి. రాత్రి అందరూ పడుకున్నాక వెలిగే దీపం విషయంలో ఇది మరీ ముఖ్యం. అలంకారం చేసుకునే ఓపిక ఉంటే చేసుకోవడం ఆనందమే. రెండు రోజుల ముందునుంచి వీడియోలు చూస్తూ, పక్కవాళ్ల ఫొటోతో పోల్చుకుంటూ, పూజ వేళకి నీరసపడిపోతే ఆ ఆనందం ఎక్కడుంది? పసుపు పూసిన కాయ, రవికగుడ్డ, అయిదు ఆకులు. అమ్మవారిని పిలవడానికి ఇవి చాలు.

పూజ ఎలా నడుస్తుందో చేతి పుస్తకాల్లో వివరంగా ఉంటుంది. ముందు పసుపు గణపతి పూజ, తర్వాత కలశ పూజ, అమ్మవారికి షోడశోపచారాలు, అంగపూజ, అష్టోత్తరం, తోరాల పూజ, కథ, నైవేద్యం, హారతి. వీటిలో ఎక్కువ తొందరపడేది, ఎక్కువ పొరపాట్లు జరిగేది తోరం దగ్గర.

తోరానికి తొమ్మిది పోగులు, తొమ్మిది ముడులు. ఒక్కో ముడికీ ఒక్కో పేరుతో పూజ. చాలా పుస్తకాల్లో కమల, రమ, లోకమాత, విశ్వజనని, మహాలక్ష్మి, క్షీరాబ్ధితనయ, విశ్వసాక్షిణి, చంద్రసహోదరి, హరివల్లభ అనే వరుస కనిపిస్తుంది. అంటే ముడి ఉత్త ముడి కాదు, ఒక్కో నామానికి కూర్చోవడానికి వేసిన పీట. అందుకని ముడులు ఒకదాని మీద ఒకటి పడకుండా, వేలెడు వెడల్పు ఎడంతో విడివిడిగా ఉండాలి. పూజ చేసేటప్పుడు ఒక్కో నామానికి ఒక్కో ముడి మీద అక్షతలో, కుంకుమో పడాలి కదా.

ఎన్ని తోరాలు కావాలో ముందు లెక్క వేసుకోవాలి. అమ్మవారికి ఒకటి, పూజ చేసే ఆవిడకి ఒకటి, ఇంట్లో ఆడవాళ్లకి, వాయనం పుచ్చుకునే ముత్తయిదువుకి, పూజలో వచ్చి కూర్చునే పేరంటాళ్లకి. మా అత్తయ్యగారు వీటి కోసం దారాన్ని ఒక్కో పోగుగా కత్తిరించేవారు కాదు. రెండు పీటలు మూరెడు ఎడంగా బోర్లించి, వాటి కాళ్ల చుట్టూ తెల్లటి నూలుదారం తొమ్మిది చుట్లు తిప్పేవారు. రెండు చివరలా కత్తిరిస్తే ఇటు తొమ్మిది పోగులు, అటు తొమ్మిది పోగులు, ఒకేసారి రెండు తోరాలకి దారం సిద్ధం. లెక్క తప్పేది కాదు. పన్నెండు తోరాలు కావాలంటే ఆరుసార్లు చుట్టాలి. మూరెడు ఎందుకంటే, తొమ్మిది ముడుల్లోకే జానెడుకు దగ్గరగా దారం పోతుంది. మిగిలింది మణికట్టు చుట్టూ తిరిగి ముడిపడాలి. తక్కువ కొలత తీసుకుని, చివరికి చేతికి అందక ఇంకో దారం అతికించి కట్టడం మనం చూసేదే.

దారాన్ని తడిపి, పిండి, పసుపు పట్టించి, సగం ఆరాక ముడులు వేయాలి. మరీ తడిగా ఉన్నప్పుడు వేస్తే ముడి బిగిసి చిన్నదైపోతుంది, పూర్తిగా ఎండితే పోగులు విడిపోయి ఒకటి రెండు ముడిలోకి రాకుండా బయటే ఉండిపోతాయి. మధ్య ముడిలో ఒక చిన్న పువ్వో, మరువం రెమ్మో పెట్టి బిగిస్తే అందం. అందరి తోరాలూ అమ్మవారి దగ్గర పెట్టి పూజ అయ్యాక, ఒకటి కలశానికి కట్టి, మిగతావి కుడిచేతికి కడతారు. తనకు తాను కట్టుకునేది కాదిది. భర్తో, అత్తగారో, పక్కన కూర్చున్న పేరంటాలో కట్టాలి. ఒంటిచేత్తో కట్టుకోలేని చోట ముడి పడటం వల్ల, ఇంట్లో ఎంత పొడిపొడిగా ఉన్నా ఆ కాసేపు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోక తప్పదు. అత్తాకోడళ్ల మధ్య ఇది చిన్న సంగతి కాదని నా నమ్మకం.

బజార్లో ఇప్పుడు సిద్ధంగా కట్టిన తోరాలు అమ్ముతున్నారు. కొనుక్కుంటే తప్పేం లేదు, కానీ ఇంటికి తెచ్చాక ముడులు లెక్కపెట్టాలి. అయిదు ముడులవీ, ఏడు ముడులవీ కలిసిపోతుంటాయి. శ్రావణ మంగళవారాలకి మంగళగౌరీ నోము తోరాలు కూడా అదే దుకాణంలో ఉంటాయి కాబట్టి అడిగి తీసుకోవడం మంచిది. పసుపుకి బదులు రంగులో ముంచిన దారమైతే చెమటకి చర్మం దురద పెడుతుంది. అలాంటిది చిన్నపిల్లల చేతికి కట్టకండి.

సాయంత్రం పేరంటం. చారుమతి కథ నిజంగా జరిగేది ఇక్కడే. పిలుపు ఫోన్లో మెసేజ్ పెడితే అయిపోయే రోజులివి. దూరంగా ఉన్నవాళ్లకి అదే దారి. కానీ అదే మెట్లెక్కి దిగే అపార్ట్‌మెంట్‌లో, అదే వీధిలో ఉన్నవాళ్లని కుంకుమభరిణె పట్టుకెళ్లి, గడపలో బొట్టు పెట్టి, “పిన్నిగారూ, సాయంత్రం మా ఇంట్లో పేరంటం, తప్పకుండా రావాలి” అని పిలిస్తే ఆ మర్యాద వేరు. పెద్దవాళ్లకి కుదరకపోతే ఆడపిల్లల చేతికి భరిణె ఇచ్చి పంపేవారు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో పిల్లలకి తెలిసేది అలాగే.

ఇరవైమంది వస్తారనుకుందాం. కిలో సెనగలు గురువారం రాత్రి నానబోస్తే శుక్రవారం ఉదయానికి ఇంచుమించు రెండు కిలోలవుతాయి. మనిషికి ఒక గుప్పెడు, అంటే దాదాపు వంద గ్రాములు సరిపోతుంది. రెండేసి తమలపాకుల లెక్కన నలభై ఆకులు, నలభై వక్కలు, నలభై అరటిపళ్లు. వీటికి పైన ఓ అయిదుగురికి సరిపడా ఎక్కువ చూసుకోవాలి. పిలవనివాళ్లు కూడా ఎవరింటికో వస్తూ ఇటు తొంగిచూస్తారు, వాళ్లని వట్టి చేతులతో పంపకూడదు. సెనగలు నానాక నీళ్లు పూర్తిగా వంచేసి, పొడిబట్ట మీద పరిచి ఆరబెట్టడం మరచిపోవద్దు. శ్రావణపు ముసురులో నీళ్లతోనే మూటగట్టి సాయంత్రం దాకా ఉంచితే జిగురొచ్చి పులిసిన వాసన వేస్తాయి. ముట్టుకుంటే వేళ్ల మధ్య జారుతున్నాయంటే పాడైనట్టే, అవి ఎవరికీ పెట్టకండి. తాంబూలంలో వేసేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకుండా గుడ్డసంచిలోనో, కాగితం పొట్లంలోనో ఇస్తే వచ్చినావిడ పది ఇళ్లు తిరిగి ఇంటికి చేరేదాకా బాగుంటాయి. ఆ రాత్రే అందరి సెనగలూ కలిపి కొన్ని గుగ్గిళ్లకి, కొన్ని కూరకి తీసుకుని మిగతావి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

వచ్చిన పేరంటాలిని కూర్చోబెట్టి పాదాలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడకి గంధం పూసి, పూలిచ్చి, తాంబూలం చేతికిస్తారు. పెద్దవాళ్లకైతే అక్షతలిచ్చి కాళ్లకి నమస్కరిస్తారు. ముఖ్యమైన వాయనం ఒక ముత్తయిదువుకి. పూర్ణం బూరెలు, గారెలు, పులిహోర, పరమాన్నం లాంటి నైవేద్యాల్లోంచి వాయనం పళ్లెం సర్ది, కొంగు కప్పి ఇస్తూ ఈమె “ఇస్తినమ్మ వాయనం” అంటుంది, ఆమె “పుచ్చుకుంటినమ్మ వాయనం” అంటుంది. అమ్మవారే వచ్చి పుచ్చుకున్నట్టు భావన. అందుకే పుచ్చుకునే మనిషి ధనవంతురాలా, మన కులమేనా, మన వాటాలో పనిచేసే అమ్మాయా అన్న ప్రశ్న ఆ పీట దగ్గర రాకూడదు. వంటింట్లో పొద్దున్నించీ గిన్నెలు తోమి పిండి రుబ్బిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టి పొట్లం ఇచ్చి పంపి, కారులో వచ్చిన ఆవిడకి మాత్రం పసుపు రాయడం వ్రతం కాదు.

భర్త పోయిన ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ముత్తయిదువులనే పిలవడం ఆనవాయితీ. ఆ పూట ఇంట్లో తల్లో, అత్తగారో లోపలి గదిలోకి తప్పుకుని, తలుపు వారగా వేసుకుని కూర్చునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నలభై ఏళ్లు ఆ కలశం పెట్టింది ఆవిడే, ఆ బూరెల పాకం కోడలికి నేర్పింది ఆవిడే. వాళ్లని ముందుగదిలో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, పూలు, తాంబూలం ఇచ్చి, మొదటి నమస్కారం పెట్టే ఇళ్లు పెరుగుతున్నాయి. అది చూసి నొచ్చుకునేవాళ్లకి నేను చెప్పేదొక్కటే. ఊరందరి చేతా చేయించిన మనిషి కథ చదివి, ఇంట్లో మనిషినే బయట పెట్టడం కుదరదు.

రిటర్న్ గిఫ్టుల పోటీ మరో బరువు. స్టీలు డబ్బా, వెండి కుంకుమభరిణె, పట్టు రవికగుడ్డ. ఒకరు ఇస్తే రెండోవారు అంతకు తగ్గకుండా ఇవ్వాలి. చివరికి ఇవ్వలేని ఇల్లాలు పేరంటానికి పిలవడమే మానేస్తుంది. చిన్నప్పుడు తాంబూలంలో వచ్చిన రవికగుడ్డ కుట్టించుకోదగ్గదిగా ఉండేది. ఇప్పుడు చేతులు మారడానికే తయారైన పలచటి ముక్కలు వస్తున్నాయి. ఆకు, వక్క, పండు, గుప్పెడు సెనగలు ఇస్తే పూర్తి తాంబూలమే. పైన ఏం పెట్టినా ఇష్టం కొద్దీ పెట్టాలి, లెక్క కొద్దీ కాదు.

ఇళ్లలో కుదరని వాళ్లకి గుళ్లున్నాయి. తిరుచానూరులో పద్మావతి అమ్మవారి సన్నిధిలో తిరుమల తిరుపతి దేవస్థానం ఈ వ్రతం జరిపిస్తుంది. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మని ఆ రోజు వరలక్ష్మిగా అలంకరిస్తారు, సామూహిక వ్రతాలు జరుగుతాయి. ఆనవాయితీ లేని ఇంటి కోడలికి ఈ సామూహిక వ్రతం మంచి మొదలు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు శుక్రవారం ఆఫీసు చూసుకుని పూజ ఇంటి మట్టుకు చేసి, పేరంటం శనివారమో ఆదివారమో పెట్టుకుంటున్నారు. పదిమంది కలవడమే ముఖ్యం కాబట్టి ఆ సర్దుబాటు సరైనదే.

శుక్రవారం రాత్రి కలశం కదపరు. లక్ష్మిని శుక్రవారం సాగనంపడం మనసొప్పదు. శనివారం ఉదయం దీపం పెట్టి, హారతిచ్చి, ఏదైనా చిన్న నైవేద్యం పెట్టి, చెంబుని కొద్దిగా ఉత్తరం వైపు జరుపుతారు. అదే ఉద్వాసన. చెంబులో నీళ్లు మామిడాకుతో ఇల్లంతా చల్లి, మిగిలినవి తులసికోటలోనో, చెట్టు మొదట్లోనో పోస్తారు. కింద పరచిన బియ్యంతో పరమాన్నం, కాయ కొట్టి కొబ్బరితో పచ్చడో, లస్కోరా ఉండలో. వాయనం అందనివాళ్లుంటే ఆ పూటే వాళ్లింటికి పంపుతారు. చేతి తోరాన్ని కొందరు ఆ రోజే తీసేస్తారు, కొందరు తొమ్మిది రోజులు ఉంచుకుంటారు. తీశాక చెత్తబుట్టలో వేయకుండా పూలమొక్క మొదట్లో పెడితే, నూలు, పసుపు కాబట్టి నాలుగు వానలకే మట్టిలో కలిసిపోతుంది.